రాగి కేబులా, అల్యూమినియం కేబులా? కిలోమీటరు బరువు లెక్కేసుకుని ఆర్డర్ పెట్టడం

కొన్నేళ్ల కిందట మిర్యాలగూడలో ఒక రైసు మిల్లుకి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నుంచి మెయిన్ ప్యానెల్ దాకా కేబుల్ వేయించే పని పడింది. దూరం 280 మీటర్లు. 150 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం కేబుల్ అనుకుని, బరువెంత ఉంటుందని ఒక డీలర్‌కి ఫోన్ చేశాను. "కిలోమీటరుకి రెండు టన్నులు వేసుకోండి సార్" అన్నాడు. 300 మీటర్లంటే 600 కిలోలే కదా అని ముప్పావు టన్ను మోసే చిన్న బండి మాట్లాడాను. తీరా గోడౌన్ దగ్గర డ్రమ్ముతో కలిపి కాటా వేస్తే పన్నెండు వందలు దాటింది. బండి వెనక్కి పంపి, ఇంకో బండి దొరికేసరికి సాయంత్రమైంది. కిరాయి రెండుసార్లు ఇచ్చుకున్నాను. మిల్లు దగ్గర కందకం తవ్వి కూర్చున్న కూలీలకు ఆ రోజు కూలీ కూడా దండగే.

డీలర్ చెప్పిన అంకె తప్పు కాదు. ఆయన చెప్పింది ఆర్మర్ లేని కేబుల్ బరువు. నేను కొన్నది ఇనుప తీగల ఆర్మర్ ఉన్నది. రెండూ "150 స్క్వేర్ ఎంఎం, మూడున్నర కోర్, అల్యూమినియం" కేబుళ్లే. రాగి, అల్యూమినియం మధ్య తేల్చుకునేటప్పుడు అందరూ లోహం బరువే చూస్తారు. కానీ లారీ ఎక్కేది లోహం ఒక్కటే కాదు. ఈ లెక్కను ఆ మిల్లు ఫీడర్ మీదే చేసి చూపిస్తాను.

లోహం లెక్క నోటితోనే అయిపోతుంది

అడ్డంగా కోస్తే ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యమున్న తీగను కిలోమీటరు పొడవున ఊహించుకోండి. దాని ఘనపరిమాణం సరిగ్గా ఒక లీటరు. అంటే ఒక మంచినీళ్ల సీసాలో పట్టేంత. ఆ సీసా నిండా రాగి ఉంటే 8.89 కిలోలు తూగుతుంది, అల్యూమినియం ఉంటే 2.7 కిలోలు. కాబట్టి కండక్టర్ సైజును ఈ అంకెతో గుణిస్తే కిలోమీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది.

```
కండక్టర్ kg/km = mm² × 8.89   (రాగి)
కండక్టర్ kg/km = mm² × 2.70   (అల్యూమినియం)
```

మూడున్నర కోర్ అన్నప్పుడు మాత్రం 3.5తో గుణించకండి. ఆ "అర" అనేది న్యూట్రల్. అది ఫేజులో కచ్చితంగా సగం ఉండదు. 95కి న్యూట్రల్ 50, 150కి 70, 185కి 95 వస్తుంది. కాబట్టి 150 సైజులో మొత్తం లోహం మూడు నూట యాభైలకు 70 కలిపితే వచ్చే 520 స్క్వేర్ ఎంఎం.

ఇప్పుడు పోలికకు వద్దాం. 95 రాగికి 95 అల్యూమినియం పెట్టి పోల్చడం న్యాయం కాదు. అల్యూమినియం నిరోధం రాగికి 1.64 రెట్లు. అదే పని చేయాలంటే సైజు అంత పెంచాలి. 95ని 1.64తో గుణిస్తే 156. దగ్గరలో ఉన్న సైజు 150. కేబుల్ కండక్టర్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 8130 ప్రకారం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకి 95 రాగి గరిష్ఠ నిరోధం 0.193 ఓం, 150 అల్యూమినియంది 0.206 ఓం. అంటే దాదాపు జోడీ. ఆ మిల్లు లోడు సుమారు 100 కిలోవాట్లు, అంటే 155 ఆంపియర్ల దాకా. 280 మీటర్లకు ఏ కేబుల్ వేసినా వోల్టేజి 20 వోల్టులకు అటూ ఇటూ తగ్గుతుంది. 415లో అది ఐదు శాతం లోపే.

లోహం బరువు చూస్తే, రాగి 335 స్క్వేర్ ఎంఎం × 8.89, సుమారు 2,980 కిలోలు. అల్యూమినియం 520 × 2.7, సుమారు 1,400 కిలోలు. సగం కన్నా తక్కువే. "అల్యూమినియం అయితే సగం బరువు" అని అందరూ అనేది దీన్ని బట్టే. లోహం వరకు ఆ మాట నిజం.

సగం అనుకున్నది మూడో వంతు కూడా తగ్గదు

అల్యూమినియం కేబుల్ లావు. లోపలి కండక్టర్ లావైతే దాని మీది ఇన్సులేషన్, దాని మీది లోపలి తొడుగు, ఆ పైన ఇనుప ఆర్మర్, అన్నిటికన్నా పైన పీవీసీ తొడుగు, ఇవన్నీ ఎక్కువ చుట్టుకొలత కప్పాలి. వాటి బరువూ పెరుగుతుంది. ప్రతి పొరనూ ఇలా లెక్కేయొచ్చు:

```
పొర kg/km = 3.14 × (d + t) × t × సాంద్రత
d = పొర కింది వ్యాసం mm, t = పొర మందం mm
```

సాంద్రత ఎక్స్‌ఎల్‌పీఈ అనే ఇన్సులేషన్ ప్లాస్టిక్కుకి 0.93, పీవీసీకి రకాన్ని బట్టి 1.4 నుంచి 1.5, ఇనుముకి 7.85. పెద్ద సైజుల్లో కండక్టర్ గుండ్రంగా ఉండదు, పిజ్జా ముక్క ఆకారంలో ఉంటుంది. అందుకని చుట్టుకొలత కొంచెం ఎక్కువ పడుతుంది. లెక్కలో ఆ మేరకు తేడా ఉంటుంది కానీ ఆర్డర్‌కి ఇబ్బంది రాదు.

ఎక్స్‌ఎల్‌పీఈ ఇన్సులేషన్, ఇనుప పట్టీల ఆర్మర్ తీసుకుని రెండు కేబుళ్లనూ పొర పొరగా కట్టి చూశాను. రాగి 95లో లోహం కాకుండా మిగతావన్నీ కలిపి 1,100 కిలోల దగ్గర ఉంటాయి. అల్యూమినియం 150లో అవే 1,400 దాటుతాయి. అంటే అల్యూమినియం కేబుల్లో సగం బరువు అల్యూమినియం కానిదే. చివరికి రాగి కేబుల్ కిలోమీటరుకి సుమారు 4,000 కిలోలు, అల్యూమినియంది 2,800. తగ్గింది 30 శాతం.

సైజు చిన్నదైతే ఈ తేడా ఇంకా కరిగిపోతుంది. ఒక చిన్న మోటారు షెడ్డుకి నాలుగు కోర్ 10 రాగి బదులు 16 అల్యూమినియం ఆర్మర్డ్ వేద్దామనుకోండి. లోహంలో 356 కిలోలకు బదులు 173. సగమే. కానీ మొత్తం కేబుల్ చూస్తే 900కి బదులు 830 మాత్రమే. బరువు కోసం చిన్న సైజుల్లో అల్యూమినియానికి వెళ్లడం అర్థం లేని పని. ధర కోసం వెళ్తే అది వేరే సంగతి.

ఆర్మర్ ఏది అన్నది అడగకుండా బరువు అడగకండి

నా బండి వెనక్కి వెళ్లింది ఇక్కడే. మల్టీకోర్ కేబుల్లో ఆర్మర్ రెండు రకాలుగా వస్తుంది. ఒకటి చదును పట్టీ, మందం 0.8 ఎంఎం. రెండోది గుండ్రటి తీగ. ఈ లావు కేబుల్‌కి తీగ వ్యాసం 2 ఎంఎం. పట్టీతో ఆర్మర్ బరువు కిలోమీటరుకి 700 కిలోల చుట్టూ ఉంటుంది. తీగతో అది 1,300 దాటుతుంది. పీవీసీ, ఎక్స్‌ఎల్‌పీఈ మధ్య తేడా కన్నా ఇది ఎక్కువ. అయినా ఆర్డర్ కాగితం మీద చాలామంది "ఆర్మర్డ్" అని మాత్రమే రాస్తారు.

కేబుల్ మీద అచ్చు వేసిన కోడ్‌లో ఈ సంగతంతా ఉంటుంది. `A2XFY` అని ఉంటే `A` అల్యూమినియం, `2X` ఎక్స్‌ఎల్‌పీఈ, `F` పట్టీ ఆర్మర్, చివరి `Y` పైన పీవీసీ తొడుగు. `F` బదులు `W` ఉంటే తీగ ఆర్మర్. `AYFY` అంటే ఇన్సులేషన్ కూడా పీవీసీయే. మొదట్లో `A` లేదంటే అది రాగి. `A2XY` అంటే ఆర్మర్ లేదు. నాకు ఫోన్లో చెప్పిన రెండు టన్నులు దీనివే. అప్పటి నుంచి నేను బరువు అడిగేటప్పుడు సైజు చెప్పి ఊరుకోను, కోడ్ మొత్తం చదివి వినిపిస్తాను.

తీగ ఆర్మర్ వృథా అని కాదు. కేబుల్‌ని పొడవాటి పైపుల్లోంచి లాగాల్సి వచ్చినా, నిట్టనిలువుగా వేలాడదీయాల్సి వచ్చినా ఆ లాగుడు బలం దానికే ఉంటుంది. మామూలుగా కందకంలో ఇసుక మీద పరిచి, పైన ఇటుకలు పేర్చే పనికి పట్టీ చాలు.

పీవీసీనా, ఎక్స్‌ఎల్‌పీఈనా

ఇక్కడ పీవీసీ రెండు వైపుల నుంచీ బరువెక్కుతుంది. దాని సాంద్రతే ఎక్కువ. పైగా మందం కూడా ఎక్కువ వేయాలి. 150 సైజుకి ఐఎస్ 7098లో ఎక్స్‌ఎల్‌పీఈ మందం 1.4 ఎంఎం. అదే సైజుకి ఐఎస్ 1554లో పీవీసీ మందం 1.8. మా ఫీడర్ కేబుల్లో ఇన్సులేషన్ ఒక్కటే ఎక్స్‌ఎల్‌పీఈ అయితే 250 కిలోలు, పీవీసీ అయితే 500. రెట్టింపు. లోపల కోర్లు లావవడంతో పై పొరలు కూడా కాస్త పెరిగి, మొత్తం 2,800 కాస్తా 3,150 దాకా పోతుంది.

దీనికి తోడు, పీవీసీ కండక్టర్‌ని 70 డిగ్రీల దాకానే ఒప్పుకుంటుంది, ఎక్స్‌ఎల్‌పీఈ 90 దాకా తట్టుకుంటుంది. కరెంటు ఎక్కువ, దూరం తక్కువ ఉన్న చోట పీవీసీ వేస్తే ఒక సైజు పైకి వెళ్లాల్సి రావచ్చు. అప్పుడు ఈ పది, పన్నెండు శాతం తేడా ఇంకా పెరుగుతుంది. మా మిల్లు లాంటి దూరపు ఫీడర్‌లో సైజుని వోల్టేజి తగ్గుదలే నిర్ణయిస్తుంది కాబట్టి ఆ బాధ రాలేదు.

ఇంకో మాట. ఎక్స్‌ఎల్‌పీఈ కేబుల్ అని కొన్నా పై తొడుగు మాత్రం మామూలుగా పీవీసీయే. కొందరు మొత్తం ప్లాస్టిక్కుని 0.93తో గుణించేస్తారు. అలా చేస్తే కిలోమీటరుకి ఒక నూట యాభై, రెండొందల కిలోలు మాయమవుతాయి.

300 మీటర్ల ఆర్డర్‌కి నాలుగు దారులూ పక్కపక్కన పెడితే ఇలా ఉంటుంది. ఇవి నా లెక్కలు. కంపెనీని బట్టి ఐదు, ఆరు శాతం అటూ ఇటూ అవుతాయి.

| కేబుల్ (మూడున్నర కోర్) | కిలోమీటరుకి కిలోలు | 300 మీటర్లకు కిలోలు | పై వ్యాసం ఎంఎం |
|---|---|---|---|
| రాగి 95, `2XFY` | 4,000 | 1,200 | 34 |
| అల్యూమినియం 150, `A2XFY` | 2,800 | 840 | 41 |
| అల్యూమినియం 150, `AYFY` | 3,150 | 945 | 43 |
| అల్యూమినియం 150, `A2XWY` | 3,500 | 1,050 | 43–44 |

ఆఖరి వరుస చూడండి. తీగ ఆర్మర్ వేసిన అల్యూమినియానికీ, పట్టీ ఆర్మర్ వేసిన రాగికీ మధ్య బరువులో మిగిలింది ఎనిమిదో వంతే.

డ్రమ్ము సంగతి

బరువు తగ్గినా అల్యూమినియం చోటు ఎక్కువ తింటుంది. 41 ఎంఎం కేబుల్ డ్రమ్ము మీద ఆక్రమించే జాగా, 34 ఎంఎం దానికి దాదాపు ఒకటిన్నర రెట్లు. లావు కేబుల్‌ని సన్న గుంజ మీద చుట్టకూడదు కాబట్టి డ్రమ్ము మధ్య గుంజ కూడా పెద్దదవుతుంది. 300 మీటర్లకు రాగి డ్రమ్ము పళ్లెం వ్యాసం సుమారు ఒక మీటరుతో సరిపోతే, అల్యూమినియానికి 1.3 మీటర్ల దాకా కావాలి. చెక్క డ్రమ్ము ఖాళీ బరువే సైజును బట్టి వంద నుంచి రెండొందల కిలోలు. పెద్ద డ్రమ్ములు ఇంకా ఎక్కువ. డీలర్ చెప్పే బరువులో ఇది ఉందో లేదో విడిగా అడగాలి. నికర బరువు, మొత్తం బరువు రెండూ డ్రమ్ము పళ్లెం మీద పెయింటుతో రాసి ఉంటాయి. పక్కనే దొర్లించే దిక్కు చూపే బాణం గుర్తు కూడా ఉంటుంది.

మా పనికి `A2XFY` 840 కిలోలకు డ్రమ్ము 150 కలిపితే ఒక టన్ను. టాటా ఏస్ లాంటి ముప్పావు టన్ను బండికి అది ఎక్కువ. బొలెరో పికప్ తరగతి కావాలి. రాగి అయినా డ్రమ్ముతో కలిపి 1,300 కిలోల దగ్గరే కాబట్టి అదే పికప్‌లో వచ్చేది. అంటే ఈ ఒక్క డ్రమ్ము వరకు రాగికీ అల్యూమినియానికీ కిరాయిలో తేడా ఏమీ లేదు. బరువు తేడా కిరాయిలో కనబడాలంటే పది, పదిహేను డ్రమ్ముల ఆర్డర్ ఉండాలి. అప్పుడు కూడా అల్యూమినియం వైపు లారీ బరువుతో నిండకముందే జాగాతో నిండిపోవచ్చు. కాబట్టి డ్రమ్ముల కొలతలు తెప్పించుకుని, లారీ తొట్టిలో ఎన్ని నిలబడతాయో చూసుకోండి. డ్రమ్ముల్ని పళ్లెం మీద పడుకోబెట్టి పేర్చితే ఎక్కువ పడతాయని డ్రైవర్ అంటాడు. ఒప్పుకోకండి. చుట్లు ఒకదాని మీద ఒకటి జారి, విప్పేటప్పుడు చిక్కు పడతాయి.

దించడం దగ్గరే అసలు టెన్షన్. టన్ను డ్రమ్ముని హమాలీలు బండి మీంచి టైర్ల మీదకి తోసేయడం ఇప్పటికీ చూస్తుంటాను. పళ్లెం విరిగితే లోపలి చుట్లు నలిగిపోతాయి. హైడ్రా గానీ జేసీబీ గానీ సైటులో ఉందా అన్నది బండి బయల్దేరక ముందే కనుక్కోవాలి. డ్రమ్ము రంధ్రంలో పట్టే ఇనుప కడ్డీ, గొలుసు మనమే పెట్టుకుంటే మంచిది.

పొడవు విషయంలో కూడా కొంచెం జాగ్రత్త. కంపెనీలు డ్రమ్ము పొడవుకి మామూలుగా ఐదు శాతం అటూ ఇటూ ఒప్పుకోమంటాయి. 300 అడిగితే 285 రావచ్చు. దారి 280 ఉండి, రెండు చివర్లా ఐదేసి మీటర్లు లూపు వదలాలంటే చాలదు. "300కి తగ్గకూడదు" అని ఆర్డర్‌లో రాయించండి. ఎక్కువ వస్తే ఆ మేరకు బరువు, బిల్లు రెండూ పెరుగుతాయని లెక్కలో ఉంచుకోండి.

నేనైతే దేన్ని ఎంచుకుంటాను

వంద మీటర్లు దాటిన, నేలలో పరిచే ఫీడర్‌కి `A2XFY`. కొన్నేళ్లుగా రాగి కిలో ధర అల్యూమినియానికి మూడు రెట్ల పైనే ఉంటోంది. అదే పనికి రాగి రెండు రెట్ల కిలోలు పడుతుంది. అంటే లోహం ఖర్చు ఆరు రెట్లు. ఈ తేడా ముందు కిరాయి, డ్రమ్ము లెక్కలు నిలబడవు. మిల్లు వాళ్లకి చివరికి వేసింది కూడా అల్యూమినియమే. కాకపోతే తీగ ఆర్మర్ అవసరం లేని చోట దాన్ని కొనిపించాను. ఆ తప్పు నాదే.

రాగి తీసుకునేది ప్యానెల్ లోపల చోటు తక్కువున్నప్పుడు, గ్లాండు రంధ్రం పెద్దది చేయడానికి వీల్లేనప్పుడు, జనరేటర్ లాగా అదిరే మెషీన్‌కి కనెక్షన్ ఇచ్చేటప్పుడు, 16 కన్నా చిన్న సైజుల్లో. అల్యూమినియం వేస్తే రాగి బస్‌బార్ మీద బైమెటల్ లగ్గులు వాడి, క్రింపింగ్ ముందు పేస్టు పూయాలి. ఆ పని తెలియని మనిషి చేతిలో అల్యూమినియం చివర్లు వేడెక్కి కాలిపోతాయి. పల్లెటూరి సైటుకి పంపుతుంటే ఇది కూడా చూసుకుని తేల్చుకోండి.

సరుకు వచ్చాక తూకం

బరువు లెక్క తెలిస్తే మోసం కూడా దొరుకుతుంది. ఒక మీటరు గ్రాముల్లో ఎంతో, కిలోమీటరు కిలోల్లో అంతే. కేబుల్ చివర ఒక మీటరు ముక్క కోసి, ఒక ఫేజు కోర్ ఇన్సులేషన్ ఒలిచి, కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టండి. 150 అల్యూమినియం అయితే లెక్క ప్రకారం 405 గ్రాములు రావాలి. 385 వచ్చినా గొడవ పడకండి. ఐఎస్ 8130 చూసేది నిరోధాన్ని, లోహం బరువుని కాదు. 0.206 ఓం మించకుండా ఉంటే కంపెనీ లోహాన్ని నాలుగైదు శాతం తగ్గించినా అది నిబంధన ప్రకారమే. కేటలాగుల్లోని బరువు మన గుణకారం కన్నా కొంచెం తక్కువ ఉండటానికి కారణం కూడా అదే.

350 గ్రాములు వస్తే మాత్రం ఆగండి. 350ని 2.7తో భాగిస్తే 130 స్క్వేర్ ఎంఎం. అంత లోహంతో, అది మేలిరకం అల్యూమినియమే అయినా, నిరోధం 0.218 ఓంకి తగ్గదు. పరిమితి దాటిపోయింది. అప్పుడు డ్రమ్ము కదపకుండా మైక్రోఓం మీటరు తెప్పించి మొత్తం పొడవు మీద కొలిపించండి. 300 మీటర్లకు 20 డిగ్రీల దగ్గర 0.062 ఓం దాటకూడదు. మన ఎండల్లో 35 డిగ్రీల్లో కొలిస్తే ఆరు శాతం ఎక్కువ చూపిస్తుంది, ఆ మేరకు తీసేయాలి. జేబులో మల్టీమీటరుతో ఇది తేలదు. దాని వైర్ల నిరోధమే ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది.